స్క్రీన్‌షాట్ మీది క్యాప్షన్ తొలగించడం: ఎప్పుడు క్రాప్ చేయాలి, ఎప్పుడు కోసి అతకాలి

"క్యాప్షన్ చుట్టూ డబ్బా గీసి క్రాప్ నొక్కాను. క్యాప్షన్ ఒక్కటే మిగిలింది, బొమ్మంతా పోయింది." ఈ మాట నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. దీని తరువాత ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇంకొకటి: "క్యాప్షన్‌ను ఎంచుకుని డిలీట్ నొక్కితే అది పోయింది కానీ, అక్కడ తెల్లటి గుంట మిగిలింది. దాన్ని ఎలా మూయాలి?" రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే కాబట్టి ఒకేచోట, వరుసగా చెబుతున్నాను.

## 1. గీసిన డబ్బా దేనికి గుర్తు?

క్రాప్‌లో మీరు గుర్తు పెట్టేది మిగలవలసిన భాగం. డబ్బా బయట ఉన్నదంతా పోతుంది. కోతలో గుర్తు పెట్టేది పోవలసిన భాగం. డబ్బా లోపలిది పోయి, బయటిది మిగులుతుంది. ఒకే డబ్బాకు రెండు పనుల్లోనూ సరిగ్గా వ్యతిరేకమైన అర్థం ఉంది. క్యాప్షన్ చుట్టూ గీసి క్రాప్ నొక్కితే క్యాప్షనే మిగలడానికి కారణం ఇదే.

రెండో తేడా ఇంతకంటే ముఖ్యం. బొమ్మ ఫైలు ఎప్పుడూ నిండు దీర్ఘచతురస్రమే. దాని మధ్య నుంచి ఒక ముక్క తీసేస్తే చుట్టుపక్కల ఉన్నది తనంతట తాను దగ్గరికి జరగదు. కాగితంలో కిటికీ కోసినట్టు అక్కడ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ ఏదో ఒక రంగుతో నింపాలి, లేదా పారదర్శకంగా వదిలేయాలి.

ఖాళీ లేకుండా మూయగలిగే కోత ఒక్కటే ఉంది. బొమ్మ ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా, లేదా పై అంచు నుంచి కింది అంచు దాకా పూర్తి పట్టీని తీయాలి. అడ్డ పట్టీని తీస్తే కింది ముక్క పైకి జరిగి అతుక్కుంటుంది. నిలువు పట్టీని తీస్తే కుడి ముక్క ఎడమకు జరుగుతుంది. చీర మధ్యలో మరక పడిన చోట అడ్డంగా రెండు కోతలు కోసి మిగిలిన రెండు ముక్కలనూ కలిపి కుట్టినట్టు. మరక చుట్టూ గుండ్రంగా కోసి ఆ రంధ్రాన్ని కుట్టు వేసి దగ్గరికి లాగితే బట్ట ముడుచుకుపోతుంది. బొమ్మకు ముడుచుకునే వీలు కూడా లేదు.

కాబట్టి మన దగ్గర ఉన్న మార్గాలు మూడు: అంచును క్రాప్ చేయడం, పూర్తి పట్టీని కోసి అతకడం, క్యాప్షన్ ఉన్నచోటును రంగుతో కప్పడం. వీటిలో ఏది వాడాలో క్యాప్షన్ ఉన్న చోటే తేలుస్తుంది.

## 2. చేయి పెట్టే ముందు

మొదట ఒక ప్రశ్న వేసుకోండి. ఈ క్యాప్షన్ లేని బొమ్మ ఇంకెక్కడైనా దొరుకుతుందా? వీడియోలో సబ్‌టైటిల్స్ అయితే వాటిని ఆపి మళ్లీ స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. యూట్యూబ్‌ను కంప్యూటర్‌లో చూస్తున్నప్పుడు C మీట నొక్కితే క్యాప్షన్లు ఆగిపోతాయి. ఆండ్రాయిడ్‌లో లైవ్ క్యాప్షన్ పెట్టె కనబడుతుంటే దాన్ని ఆపేయవచ్చు. ఎవరో పంపిన బొమ్మ అయితే, రాత లేని అసలు బొమ్మ ఉందేమో వాళ్లనే అడగండి. క్యాప్షన్ కింద దాగిన పిక్సెళ్లు మీ ఫైల్లో లేవు. అది గోడకు అంటించిన కాగితం కాదు, పీకితే వెనక గోడ కనబడటానికి. ఆ రంగులు మారిపోయి అలాగే నిల్వయ్యాయి. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా వాటిని ఊహించి నింపగలదే తప్ప తిరిగి తేలేదు.

కొత్త బొమ్మ దొరకకపోతే పని మొదలుపెట్టండి. అందుకు ముందు ఇవి చూసుకోండి:

- అసలు ఫైలును అలాగే ఉంచి, వేరే పేరుతో నకలు తీసి దాని మీదే పని చేయాలి.
- నకలును పీఎన్‌జీగా భద్రపరచాలి. జేపీజీని తెరిచి సవరించి మళ్లీ జేపీజీగానే భద్రపరిచిన ప్రతిసారీ అక్షరాలు కొంచెం మసకబారతాయి.
- బొమ్మ వెడల్పు, ఎత్తు ఎన్ని పిక్సెళ్లో కాగితం మీద రాసుకోవాలి.
- క్యాప్షన్ మొదలయ్యే వరుసనూ ముగిసే వరుసనూ కూడా రాసుకోవాలి.

వరుసల సంఖ్య తెలుసుకోవడం కష్టం కాదు. విండోస్‌లో పెయింట్‌లో బొమ్మ తెరిచి మౌస్ కదిపితే కింది పట్టీలో రెండు సంఖ్యలు మారుతూ కనిపిస్తాయి. మొదటిది ఎడమ నుంచి దూరం, రెండోది పై నుంచి దూరం. లెక్క సున్నాతో మొదలవుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

## 3. క్యాప్షన్ హద్దులను సరిగ్గా పట్టుకోవడం

చాలామంది ఇక్కడ తొందరపడతారు. అక్షరాలు కనిపిస్తున్నంత మేరే క్యాప్షన్ అనుకుని గీత గీస్తే, పని పూర్తయ్యాక అతుకు దగ్గర పసుపుపచ్చగానో బూడిదరంగులోనో సన్నని చార మిగులుతుంది. అందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది తెలుగు లిపికి ప్రత్యేకమైనది. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. "తప్పక చూడండి" అన్న మాటను దగ్గరగా చూడండి. "ప్ప"లోని వత్తు మిగతా అక్షరాల పాదాల కంటే బాగా కిందికి దిగి ఉంటుంది. "డి" మీది గుడి పైకి లేచి ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల అలవాటుతో మధ్య భాగాన్ని కొలిస్తే వత్తు కొనలు మిగిలిపోతాయి. దీనికి తలకిందులైన తప్పు కూడా జరుగుతుంది: క్యాప్షన్‌కు పైనున్న అసలు వాక్యంలోని వత్తులు తెగిపోతాయి. "లక్ష్మి"లో వత్తు తెగితే పేరే మారిపోతుంది.

రెండోది నీడ. చాలా యాప్‌లు రాతకు చుట్టూ మెత్తని నీడనో గీతనో వేస్తాయి. మామూలు సైజులో అది కంటికి ఆనదు. 400 శాతానికి పెంచి చూస్తే బయటపడుతుంది.

మూడోది జేపీజీ కుదింపు. జేపీజీ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. ముదురు అక్షరం ఒక గడిలో పడితే ఆ గడి అంతటా సన్నని మరకలు వ్యాపిస్తాయి. రంగు సమాచారం తరచుగా ఇంకా పెద్ద గళ్లలో, అంటే 16×16లో, నిల్వ అవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చిన బొమ్మ ఇలా కుదింపుకు గురైనదే. అందువల్ల కనబడే హద్దుకు పైన 8, కింద 8 పిక్సెళ్లు కలుపుకుని కోయండి. రంగు మరక ఇంకా కనిపిస్తే 16 దాకా వెళ్లండి. అంత చోటు లేకపోతే, అంటే అసలు వాక్యం అంతకంటే దగ్గరగా ఉంటే, వాక్యాన్ని కాపాడండి. మరకను రంగుతో కప్పవచ్చు, తెగిన వత్తును తిరిగి తేలేము.

## 4. అంచున ఉంటే క్రాప్

క్యాప్షన్ బొమ్మకు పై అంచునో కింది అంచునో ఉండి, అది ఉన్న వరుసల్లో మీకు కావలసినది ఇంకేమీ లేకపోతే క్రాప్‌ను మించినది లేదు. అతుకు ఉండదు, రంగు కలపడం ఉండదు.

కొన్ని స్క్రీన్‌షాట్ సాఫ్ట్‌వేర్లు తేదీ, పేజీ చిరునామాతో కింద ఒక పట్టీని తామే చేరుస్తాయి. అది బొమ్మకు అదనంగా చేరిన పట్టీ కాబట్టి దాన్ని క్రాప్ చేస్తే ఏమీ నష్టం లేదు. సబ్‌టైటిల్ సంగతి వేరు. అది దృశ్యం మీదే ఉంటుంది. దాన్ని క్రాప్ చేస్తే దృశ్యంలోని కింది భాగం కూడా పోతుంది. పాఠం చెబుతున్న బోర్డు కింది వరుసలో సూత్రం ఉంటే క్రాప్ చేయకూడదు.

క్రమం ఇది:

1. డబ్బాను మిగలవలసిన భాగం చుట్టూ గీయండి. క్యాప్షన్ డబ్బా బయట ఉండాలి.
2. ఫోనులో అయితే వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని స్వేచ్ఛగా ఉంచే ఎంపికను ముందు నొక్కండి. అది బిగించి ఉంటే కింది అంచు పైకి జరిపినప్పుడు పక్క అంచు కూడా లోపలికి వస్తుంది, పక్కనున్న అక్షరాలు తెగుతాయి.
3. మిగిలే భాగంలో ఆఖరి వాక్యం వత్తుల కింద కొంచెం ఖాళీ వదలండి.
4. వేరే పేరుతో భద్రపరచండి.

పెయింట్‌లో పై అంచు క్యాప్షన్ అయితే మిగలవలసిన భాగం చుట్టూ ఎంపిక గీసి Ctrl+Shift+X నొక్కితే సరిపోతుంది. కింది అంచుకు ఇంకా తేలిక దారి ఉంది. Ctrl+E నొక్కితే బొమ్మ కొలతల పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఎత్తును తగ్గించి రాస్తే కింది వరుసలు అంతమేర తెగిపోతాయి. చేయి వణికి గీత పక్కకు పోయే ఇబ్బంది ఇందులో లేదు. Ctrl+W పెట్టెను మాత్రం దీనికోసం వాడకండి. అది కత్తిరించదు, బొమ్మంతటినీ నొక్కి చిన్నది చేస్తుంది.

## 5. మధ్యలో ఉంటే పట్టీ కోత: ఒక ఉదాహరణ పూర్తిగా

మా చెల్లెలు పంపిన బొమ్మనే తీసుకుంటాను. అది పిల్లల పరీక్షల టైంటేబుల్ స్క్రీన్‌షాట్. వెడల్పు 1080, ఎత్తు 2400 పిక్సెళ్లు. పైన శీర్షిక, కింద పట్టిక, రెండింటికీ మధ్య తెల్లని ఖాళీ. ఆ ఖాళీలో ఎవరో పూర్తి వెడల్పున పసుపు పట్టీ వేసి "అందరూ తప్పక చూడండి" అని రాశారు. పేజీకి ఇరువైపులా నిలువుగా నల్లని గీతలున్నాయి, అవి కూడా ఆ పసుపు కింద దాగిపోయాయి. తనకు ప్రింటు తీసి గోడకు అంటించడానికి అది శుభ్రంగా కావాలి.

క్రాప్ ఇక్కడ పనికిరాదు. పట్టీ కింద ఉన్నది ఉంచితే శీర్షిక పోతుంది, పైన ఉన్నది ఉంచితే పట్టిక పోతుంది. పసుపును తెల్లరంగుతో కప్పితే రాత పోతుంది కానీ పక్క గీతలు ఆ మేరకు తెగి కనిపిస్తాయి. పట్టీని పూర్తిగా కోసి కింది ముక్కను పైకి జరిపితే గీతలు వాటంతట అవే కలుస్తాయి. ఇది కోతకు తగిన పని.

లెక్క. శీర్షిక 570వ వరుసతో ముగిసింది. పట్టిక 790తో మొదలైంది. పసుపు 620 నుంచి 723 దాకా ఉంది. పైన 8, కింద 8 కలుపుకుంటే కోయవలసినది 612 నుంచి 731 దాకా.

ఎన్ని వరుసలు? 731 నుంచి 612 తీసేస్తే 119 వస్తుంది. కానీ రెండు కొసలూ కోతలోనే ఉన్నాయి కాబట్టి ఒకటి కలపాలి: 120. కంచెకు ఒకటో రాయి నుంచి పదో రాయి దాకా రాళ్లు పది, మధ్య సందులు తొమ్మిది. ఆ అదనపు 8 పిక్సెళ్లు కలుపుకోకుండా కోసినప్పుడు ఈ ఒక్క వరుస మరిచిపోతే అతుకు దగ్గర సన్నని పసుపు చార మిగులుతుంది.

పైముక్క 0 నుంచి 611 దాకా, అంటే 612 వరుసలు. కింది ముక్క 732 నుంచి 2399 దాకా, అంటే 1668 వరుసలు. కలిపితే 2280. 2400 నుంచి 120 తీసేసినా 2280. రెండు లెక్కలూ కలిస్తేనే ముందుకు వెళ్లాలి.

పెయింట్‌లో చేసే క్రమం:

1. ఎంపికకు సంబంధించిన మెనూలో Transparent selection అనే చోట టిక్ ఉంటే తీసేయండి.
2. దీర్ఘచతురస్ర ఎంపికతో ఎడమ అంచున 732వ వరుస దగ్గర మొదలుపెట్టి కుడి కింది మూల దాకా గీయండి. కింది పట్టీలో ఎంపిక కొలత 1080 × 1668 అని కనిపించాలి.
3. ఎంచుకున్న ముక్కను పట్టుకుని నేరుగా పైకి లాగండి. దాని పై అంచు పసుపు పట్టీని పూర్తిగా కప్పాలి.
4. దగ్గరకు వచ్చాక మౌస్ వదిలి బాణం మీటలు వాడండి. ఒక్కో నొక్కుకు ముక్క ఒక్క పిక్సెల్ జరుగుతుంది.
5. పక్కనున్న నిలువు గీతలు పైముక్క గీతలతో కలిశాయో లేదో పెంచి చూడండి. కలిశాక ఎంపిక బయట ఒకసారి నొక్కండి.
6. Ctrl+E తెరిచి ఎత్తు 2280 అని రాయండి. అడుగున మిగిలిన ఖాళీ తెగిపోతుంది.
7. పీఎన్‌జీగా వేరే పేరుతో భద్రపరచండి.

మొదటి మెట్టును ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, నా చేతిలో మొదటిసారి ఈ పని చెడింది అక్కడే. Transparent selection పెట్టి ఉంటే ఎంచుకున్న ముక్కలో, పెయింట్‌లో Color 2 అని ఉండే రెండో రంగుతో సమానమైన పిక్సెళ్లు కప్పే శక్తిని కోల్పోతాయి. రెండో రంగు మామూలుగా తెలుపే. మన ముక్క పైభాగం కూడా తెలుపే. దాన్ని తెచ్చి పసుపు మీద పెట్టాక తెలుపు మాయమై, పసుపు రాత అలాగే మెరుస్తూ కనిపించింది. సాఫ్ట్‌వేర్ చెడిందనుకుని మూడుసార్లు మొదటి నుంచి చేశాను. టిక్ తీసేశాక ఒక్కసారికే కుదిరింది.

ఖచ్చితత్వం ఏ దిశలో కావాలో కూడా తెలుసుకోండి. మన అతుకు తెల్లని ఖాళీలో పడింది. నిలువు దిశలో రెండు మూడు పిక్సెళ్లు అటూ ఇటూ అయితే ఎవరూ గుర్తుపట్టలేరు, చివర్లో ఎత్తును ఆ మేరకు సరిచేస్తే చాలు. అడ్డ దిశలో ఒక్క పిక్సెల్ జరిగితే మాత్రం నల్లగీత అతుకు దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. ప్రింటు తీస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఐదో మెట్టులో చూడవలసింది పక్క గీతలను.

పని పూర్తయ్యాక శీర్షికకూ పట్టికకూ మధ్య దాదాపు 100 పిక్సెళ్ల ఖాళీ మిగిలింది. చూసేవారికి అది మామూలు పేజీలాగే ఉంది.

## 6. ఒకే కొలత బొమ్మలు ఎక్కువ ఉంటే

ఒకే చోట ఒకే క్యాప్షన్ ఉన్న బొమ్మలు ఇరవై ముప్పై ఉంటే మౌస్‌తో చేయడం దండగ. ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకే ఆదేశంతో కోసి అతికేస్తుంది. పై ఉదాహరణకు ఆదేశం ఇది:

```
magick in.png -chop 0x120+0+612 out.png
```

120 అన్నది తీయవలసిన వరుసల సంఖ్య, 612 అన్నది మొదటి వరుస. మొదటి సున్నా వల్ల నిలువు వరుసలు ఏవీ పోవు. కింది ముక్క తనంతట పైకి జరుగుతుంది, అడ్డంగా కదలదు కాబట్టి గీతలు తప్పకుండా కలుస్తాయి.

అదే బొమ్మలో శీర్షికను మాత్రం ఉంచి మిగతాది వదిలేయాలంటే క్రాప్ ఆదేశం:

```
magick in.png -crop 1080x612+0+0 +repage out.png
```

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. `-crop` తరువాత రాసేది ఉంచవలసిన కొలత, `-chop` తరువాత రాసేది పోవలసిన కొలత. మొదటి భాగంలో చెప్పిన తేడాయే ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది. `+repage` వదిలేస్తే కొన్ని ఫైళ్లలో పాత బొమ్మ కొలత గుర్తుగా మిగిలిపోయి, తరువాతి పనుల్లో ముక్క స్థానం తప్పుతుంది.

ముందు ఒక్క బొమ్మ మీద నడిపి, తెరిచి చూసి, అప్పుడే మిగతా వాటి మీద నడపండి. ఫోన్లు వేరైతే బొమ్మ ఎత్తు వేరుగా ఉంటుంది, క్యాప్షన్ వరుస మారుతుంది. కొలత తేడా ఉన్నవాటిని ముందే వేరు చేసుకోవాలి.

## 7. ఫోను ఒక్కటే ఉంటే

ఫోను గ్యాలరీల్లో క్రాప్ ఉంటుంది, పట్టీని కోసి అతికే మీట సాధారణంగా ఉండదు. అప్పుడు కోతను రెండు క్రాప్‌లుగా విడగొట్టుకోవాలి.

అసలు బొమ్మకు రెండు నకళ్లు తీయండి. ఒకదానిలో క్యాప్షన్‌కు పైనున్నది, రెండోదానిలో కిందున్నది మాత్రం ఉంచండి. రెండింటిలోనూ పక్క అంచులను అసలు ముట్టుకోవద్దు, వెడల్పు సమానంగా ఉండాలి. తరువాత బొమ్మలను నిలువుగా అతికే యాప్‌లో రెండూ పెట్టండి. అందులో బొమ్మల మధ్య ఖాళీ, అంచు గీత, గుండ్రని మూలలు అన్నీ సున్నాకు తెచ్చుకోవాలి. కొలాజ్ యాప్‌లు వీటిని ముందే పెట్టి ఉంచుతాయి. మర్చిపోతే రెండు ముక్కల మధ్య తెల్లగీత పడుతుంది.

కొన్ని అతికే యాప్‌లు తయారైన బొమ్మను చిన్నది చేసి భద్రపరుస్తాయి. వెడల్పు ఇంకా 1080 ఉందో లేదో బొమ్మ వివరాల్లో చూడండి. తగ్గి ఉంటే పట్టికలోని చిన్న అక్షరాలు ప్రింటులో అలుక్కుపోతాయి.

## 8. రెండూ కుదరని చోట

క్యాప్షన్ ఉన్న వరుసల్లోనే, దాని పక్కన కావలసిన సమాచారం ఉంటే పట్టీ కోత దాన్ని కూడా తీసుకుపోతుంది. ఉదాహరణకు పట్టికలో కుడివైపు ఖాళీ గడిలో క్యాప్షన్ ఉండి, ఎడమవైపు గడిలో తేదీ ఉంటే, కోస్తే ఒక పరీక్ష మొత్తం మాయమవుతుంది. అతుకు ఎంత శుభ్రంగా ఉంటే ఈ తప్పు అంత ప్రమాదకరం, ఎవరికీ అనుమానం రాదు. ఇలాంటి చోట క్యాప్షన్ ఉన్నంత మేరకే ఎంచుకుని, పక్కనున్న నేపథ్యపు రంగును రంగు తీసే పరికరంతో పట్టి కప్పండి. కంటికి తెలుపుగా కనిపించేది చాలాసార్లు లేత బూడిదరంగో మీగడరంగో అవుతుంది. కళ్లతో ఎంచుకోకుండా పరికరంతోనే తీయండి.

గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకుని డిలీట్ నొక్కినప్పుడు కొందరికి రంగు నిండుతుంది, కొందరికి గళ్ల నేపథ్యం కనిపిస్తుంది. పొరకు ఆల్ఫా ఛానల్, అంటే పారదర్శకతను నిల్వచేసే భాగం, లేకపోతే నేపథ్యపు రంగు నిండుతుంది, ఉంటే ఆ చోటు పారదర్శకమవుతుంది. పారదర్శకమైనదాన్ని జేపీజీగా పంపలేము. జేపీజీకి పారదర్శకత లేదు, ఆ చోట ఏదో ఒక రంగు వచ్చి కూర్చుంటుంది.

క్యాప్షన్ ఫొటో మీద, ముఖం మీద, లేదా వాక్యం మీదే ఉంటే ఈ మార్గదర్శిలోని ఏ పద్ధతీ దాన్ని తీయలేదు. అసలు బొమ్మ కోసం అడగడం తప్ప వేరే దారి లేదు.

ఇంకొక చోట నేను పట్టీ కోతను అసలు చేయను. డబ్బు చెల్లింపు రసీదు, ఇద్దరి మధ్య సంభాషణ, ఫిర్యాదుకు జత చేసే స్క్రీన్‌షాట్. వీటిలో మధ్య వరుసలు తీసి అతికితే, తీసింది క్యాప్షనే అయినా, ఆ బొమ్మ జరిగినదాన్ని మార్చి చూపుతున్నట్టే అవుతుంది. అటువంటి బొమ్మను ముట్టుకోకుండా క్యాప్షన్‌తోనే పంపండి. చదవడానికి అడ్డంగా ఉందనిపిస్తే, సవరించిన నకలును పక్కన జతచేసి, ఏ వరుసలు తీశారో రాయండి. పాఠం నోట్సులో కూడా మధ్యలో కోసిన చోట సన్నని చుక్కల గీత పెట్టడం మంచి అలవాటు.

## 9. చెడినప్పుడు ఎక్కడ వెతకాలి

- క్యాప్షన్ మాత్రమే మిగిలింది: క్రాప్ డబ్బాను క్యాప్షన్ చుట్టూ గీశారు. Ctrl+Z నొక్కి, మిగలవలసినదాని చుట్టూ గీయండి.
- అతుకు దగ్గర రంగు చార: హద్దు తక్కువ తీసుకున్నారు, లేదా వరుసల లెక్కలో ఒకటి తప్పింది. అసలు ఫైలుకు వెళ్లి 8 పిక్సెళ్లు పెంచి కోయండి. అతికిన బొమ్మ మీద మళ్లీ కోయకండి, వరుసల సంఖ్యలు మారిపోయి ఉంటాయి.
- నిలువు గీత విరిగింది: ముక్క అడ్డంగా జరిగింది. వెనక్కి వెళ్లి బాణం మీటలతో సరిచేయండి.
- రెండు వాక్యాలు మరీ దగ్గరైపోయాయి: అవసరానికి మించి కోశారు. పేజీలో మిగతాచోట్ల వాక్యాల మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచి, అంత మిగిలేలా కోతను తగ్గించండి.
- తెల్లటి మచ్చ కనబడుతోంది: నేపథ్యం నిజంగా తెలుపు కాదు. రంగు తీసే పరికరంతో పట్టి మళ్లీ నింపండి.

## 10. పంపే ముందు: తీసింది నిజంగా పోయిందా?

క్యాప్షన్‌లో ఫోను నంబరో, పేరో, చిరునామానో ఉండి, అందుకే దాన్ని తీస్తున్నట్టయితే ఇది తప్పక చదవండి. క్రాప్ చేసినంత మాత్రాన అన్నిచోట్లా పిక్సెళ్లు చెరిగిపోవు.

వర్డ్‌లో, పవర్‌పాయింట్‌లో పెట్టిన బొమ్మను అక్కడే క్రాప్ చేస్తే కత్తిరించిన భాగం దాగుతుంది అంతే. ఫైలు అందుకున్నవారు క్రాప్ గుర్తులను లాగితే మళ్లీ బయటికి వస్తుంది. బొమ్మను ఎంచుకుని Compress Pictures తెరిచి, Delete cropped areas of pictures అన్నచోట టిక్ పెట్టి భద్రపరిస్తేనే అది ఫైల్లోంచి పోతుంది. ఐఫోను ఫొటోల యాప్ కూడా క్రాప్ చేసిన బొమ్మకు అసలును దాచి ఉంచుతుంది, Revert నొక్కితే వెనక్కి వస్తుంది.

2023 మార్చిలో బయటపడిన లోపం ఇంకా తీవ్రమైనది. పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ పరికరం, విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్ క్రాప్ చేసిన చిన్న ఫైలును పాత పెద్ద ఫైలు మీదే రాసేవి, కానీ మిగిలిన తోకను కోసేవి కావు. పాత బొమ్మ డేటా కొంత కొత్త ఫైలు చివర అలాగే ఉండిపోయేది, దానిలోంచి తీసేసిన భాగాన్ని బయటికి లాగడం సాధ్యమైంది. వాటిని తయారుచేసే గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండూ అదే నెలలో దాన్ని సరిచేశాయి. అప్పటికే పంపిన బొమ్మలను మాత్రం ఏ అప్‌డేట్ కూడా బాగుచేయలేదు. పాత బొమ్మ మీదే భద్రపరచవద్దని, వేరే పేరుతో కొత్త ఫైలు తయారు చేసుకోమని మొదటి నుంచి చెబుతున్నదానికి ఇదొక కారణం. ఆ లోపం పాత ఫైలు మీద రాయడం వల్ల వచ్చినదే.

పంపే ముందు ఈ వరుసలో చూడండి:

- ఫైలు మూసి, కొత్తగా తెరిచి 400 శాతంలో అతుకు చూశాను.
- ఎత్తు నా లెక్కతో సరిపోయింది, వెడల్పు మారలేదు.
- అతుకుకు పైనా కిందా ఉన్న వాక్యాల వత్తులు, గుడులు తెగలేదు.
- అసలు బొమ్మలోని వరుసలను, పట్టికలోని తేదీలను ఒక్కొక్కటిగా పోల్చాను, ఏదీ పోలేదు.
- పంపుతున్నది కొత్త పేరున్న ఫైలు. వాట్సాప్‌లో అయితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేశాను, అక్షరాలు మళ్లీ మసకబారవు.